ప్లాటు కొనే ముందు వకీలుకు రాసిన ఉత్తరం: అనంతపురం కేసు ఒకటి

"సార్, ప్లాటు డాక్యుమెంట్లు పంపినాను. ఒకసారి చూసి ఓకేనా చెప్పండి. తెలిసినోళ్లే, ఏం ఇబ్బంది లేదంటాండారు. 21న అగ్రిమెంట్."

దీని వెనకే వాట్సాప్‌లో పదిహేను ఫోటోలు వచ్చాయి. కొన్ని తలకిందులు, రెండు మసక. పంపినాయన ప్రభుత్వ బడిలో టీచరు. లీగల్ ఒపీనియన్ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే మొదలుపెడతారు. "కాగితాల్లో అంతా ఉంటుంది కదా, వకీలు చదువుకుంటాడు" అని వాళ్ల ఉద్దేశం. కాగితం తనలో రాసి ఉన్నది మాత్రమే చెబుతుంది. రాయకుండా వదిలేసిన మనిషి సంగతి కొనేవాళ్లు వాకబు చేసి చెబితేనే నాకు తెలుస్తుంది. అందుకే కాగితాల మీద ఒక కవరింగ్ లెటర్ పెట్టి ఇమ్మని అడుగుతాను.

ఫోన్‌లో ఆయనకు చెప్పింది ఇంతే: ఏం కొంటున్నారో, ఎవరి దగ్గర కొంటున్నారో, ఇప్పటిదాకా ఎంత ఇచ్చారో రాయండి. ప్రతి కాగితం పక్కన అది ఒరిజినలా, జిరాక్సా, ఎవరిచ్చారు అన్నది రాయండి. అడిగినా ఇవ్వని కాగితాలేంటో రాయండి. ఆఖరుగా, కాగితాల్లో లేకుండా మీరు కళ్లతో చూసింది, చెవులతో విన్నది రాయండి. "విన్నది కూడానా సార్?" అన్నాడాయన. అదే ముఖ్యం అన్నాను.

రెండు రోజులకు ఈ ఉత్తరం వచ్చింది. పేర్లు, సర్వే నంబరు, ఆనవాళ్లు మార్చి, ఆయన అనుమతితో ఇస్తున్నాను.

"అనంతపురం, 10-06-2024.

అడ్వకేటు గారికి నమస్కారం. విషయం: ప్లాటు కొనే ముందు టైటిల్ పరిశీలించి రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వమని కోరడం.

సర్వే నంబరు 118-2లో 2012లో వేసిన లేఔట్‌లో 17వ నంబరు ప్లాటును నేను, నా భార్య ఇద్దరి పేర్ల మీద కొనాలనుకుంటున్నాము. విస్తీర్ణం 5 సెంట్లు, అంటే 242 చదరపు గజాలు. తూర్పున 30 అడుగుల రోడ్డు, పడమర 24వ ప్లాటు, ఉత్తరాన 18, దక్షిణాన 16. సెంటు 4 లక్షల చొప్పున మొత్తం 20 లక్షలు. టోకెన్ కింద 50 వేలు ఫోన్‌లో పంపాను, రసీదు తీసుకోలేదు. ఈ నెల 21న అగ్రిమెంట్ రాసి 8 లక్షలు ఇవ్వమంటున్నారు. మిగతా సొమ్ముకు బ్యాంకు లోన్ పెట్టుకుంటాము. మీ అభిప్రాయం చేతికి వచ్చేదాకా ఇంకేమీ ఇవ్వను.

అమ్మే ఆయనే ఈ లేఔట్ వేసింది. 1997లో తండ్రి, అన్న, తాను భాగాలు పంచుకున్నప్పుడు 1 ఎకరా 80 సెంట్లు తన వాటాకు వచ్చిందని చెప్పారు. తల్లి, తండ్రి ఇద్దరూ చనిపోయారు.

జత చేసినవి:
1. 1997 భాగపరిష్కార పత్రం, జిరాక్సు. ఒరిజినల్ చూపించారు, చేతికి ఇవ్వలేదు. జిరాక్సులో 4, 5 పేజీలు లేవు.
2. 2012 లేఔట్ ప్లాన్, జిరాక్సు. లేఔట్‌కు అనుమతి ఇచ్చిన ఎల్‌.పి. నంబరు కనబడుతుంది, సీలు సరిగా పడలేదు.
3. ల్యాండ్ కన్వర్షన్ ఉత్తర్వు, జిరాక్సు.
4. 1994 నుంచి ఇప్పటిదాకా ఈసీ. ప్లాటు నంబరు మీద తీసింది. అమ్మే ఆయనే తెచ్చిచ్చారు.

1997కు ముందు కాగితాలేవీ ఇవ్వలేదు. అడిగితే 'భాగపరిష్కారమే మూలం, దానికి ముందు ఏముంటుంది' అన్నారు.

స్థలం దగ్గరికి వెళ్లి చూశాను. రాళ్లు పాతి ఉన్నాయి. ఉత్తరం పక్క వాళ్ల పశువుల కొట్టం మన వైపు మూడడుగులు వచ్చినట్టుంది. టీ అంగడి ఆయన మాటల్లో, అమ్మే ఆయనకు ఒక అక్క ఉందని, ధర్మవరంలో ఇచ్చారని తెలిసింది. నా దగ్గరున్న జిరాక్సులో ఆమె సంతకం గానీ పేరు గానీ నాకు కనబడలేదు. ఈ సంగతి అమ్మే ఆయనను ఇంకా అడగలేదు.

నాకు తెలియాల్సినవి: ఈయన ఒక్కడే సంతకం పెడితే నాకు పూర్తి హక్కు వస్తుందా? ఈ భూమి మీద అప్పుగానీ కేసుగానీ ఉందా? ఏ కాగితాలు ఇంకా తెప్పించాలి? 21వ తేదీ లోపల తేలకపోతే అగ్రిమెంట్ వాయిదా వేయమంటారా?"

ఉత్తరం ఇంతే. ఇందులో గొప్ప భాష లేదు, సెక్షన్లు లేవు. నాకు మాత్రం ఏ మూల వెతకాలో మూడు చోట్ల చూపించింది: రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా చూపే ఈసీని ఎలా తీశారన్న మాట, పోయిన రెండు పేజీలు, అక్క.

మామూలు పరిశీలనలు ముందే అయిపోయాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఎ జాబితాలో లేదు. పాత రెవెన్యూ రికార్డు ఆర్‌.ఎస్‌.ఆర్‌.లో పట్టా భూమిగానే ఉంది, యజమాని పేరు చోట చుక్కలు లేవు. ప్రభుత్వం పేదలకు పంచిన డి.కె.టి. పట్టా భూమి కాదు. మన దగ్గర ఊరి చుట్టూ ఉన్న భూముల్లో ఈ మూడూ చూడకుండా ముందుకు పోకూడదు. లేఔట్ ప్లాన్ నకలు ఆఫీసు నుంచి తెప్పిస్తే 17వ నంబరు ప్లాటుగానే ఉంది, పార్కుకు వదిలిన స్థలం కాదు. కొట్టం సంగతి సర్వేయరుతో కొలిపిస్తే తేలింది, వచ్చింది రెండడుగులు. రిజిస్ట్రేషన్ లోపల తీసేస్తామని పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు.

ఇక ఈసీ. అమ్మేవాళ్లు ఇచ్చిన ఈసీ శుభ్రంగా ఉంది, 17వ ప్లాటు మీద ఒక్క లావాదేవీ లేదు. ఉండదు కూడా. ఆ ప్లాటు పుట్టిందే 2012లో. అంతకుముందు ఆ నేల సర్వే నంబరు 118-2 పేరుతోనే రిజిస్టర్లలో ఉంది. ప్లాటు నంబరు కొట్టి వెతికితే ఆ నంబరుతో ఎక్కిన దస్తావేజులే వస్తాయి. పైన 1994 నుంచి అని రాసి ఉన్నా, అది నిజానికి పన్నెండేళ్ల ఈసీ. అందుకే సర్వే నంబరు మీద, మొత్తం విస్తీర్ణానికి, కంప్యూటర్‌లో దొరికే 1983 నుంచి మళ్లీ తీయించాను. 2003లో అమ్మే ఆయన తన 1 ఎకరా 80 సెంట్లను బ్యాంకుకు తాకట్టు పెట్టిన రిజిస్టర్డ్ పత్రం బయటపడింది. విడుదల ఎంట్రీ ఎక్కడా లేదు.

అడిగితే ఆయన తడబడలేదు. "ఆ అప్పు ఎప్పుడో తీరిపాయ సార్, కాగితం కూడా ఇచ్చినారు" అని బ్యాంకు ఇచ్చిన బాకీ లేదన్న లెటర్ తెచ్చాడు. అప్పు నిజంగానే తీరింది. లెటర్ బీరువాలో ఉంటే ఈసీలో తాకట్టు పోదు. బ్యాంకు వాళ్లు వచ్చి విడుదల పత్రం రిజిస్టర్ చేస్తేనే పోతుంది. అది కొనేవాళ్ల ఖర్చు కాదు, అమ్మేవాళ్లదే అని చెప్పాను. ఆ నెలలోనే చేయించాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో ఊరికే డిపాజిట్ చేసి, రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకున్న అప్పు ఈసీలో కనబడదు. కోర్టులో నడుస్తున్న దావా కూడా కనబడదు. వీలునామా కూడా వేరే పుస్తకంలో ఉంటుంది కాబట్టి ఈసీలోకి రాదు. కాబట్టి "ఒరిజినల్ చూపించారు, చేతికి ఇవ్వలేదు" అని ఉత్తరంలో రాయడం నాకు పనికొచ్చే సమాచారం. ఆ ఒరిజినల్‌ను నా ఆఫీసుకు తెమ్మని, వెనక వైపు కూడా చదివాను. జిరాక్సు అంగడిలో స్టాంపు కాగితాల ముందు వైపే తీస్తారు. ఎవరు దస్తావేజు దాఖలు చేశారు, ఎవరెవరు రిజిస్ట్రారు ముందు ఒప్పుకుని వేలిముద్ర వేశారు అన్నదంతా ఉండేది వెనక వైపే.

ఒరిజినల్‌లో 4, 5 పేజీలు ఉన్నాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ కూడా తీయించి పోల్చాను, తేడా లేదు. జిరాక్సులో అవి ఎలా పోయాయో నేను చెప్పలేను. ఆ రెండు పేజీల్లోనే అసలు కథ ఉంది. భూమి 1954లో తండ్రికి ఆయన అన్నదమ్ములతో జరిగిన రిజిస్టర్డ్ భాగపరిష్కారంలో వచ్చిన పిత్రార్జితమని నంబరుతో సహా రాశారు. కింద ఒక వాక్యం: "మా కుమార్తెకు వివాహము జరిపించి పసుపు కుంకుమల క్రింద నగలు ఇచ్చియున్నందున ఆమెకు ఈ ఆస్తిలో ఎట్టి హక్కు లేదు." వెనక వైపు తండ్రి, ఇద్దరు కొడుకుల వేలిముద్రలే ఉన్నాయి. కూతురిది లేదు.

ఇలాంటి వాక్యం రాయలసీమలో పాత భాగపరిష్కారాల్లో తరచూ కనబడుతుంది. పెళ్లిలో నగలు పెట్టినంత మాత్రాన చట్టం ఇచ్చిన వాటా పోదు. హక్కు ఎవరిదో వాళ్లు సంతకం పెట్టి వదులుకోవాలి, మిగతావాళ్లు ఆమెకు లేదని రాసుకుంటే చాలదు. అయితే అసలు ఆమెకు 1997 నాటికి హక్కు ఉందా? అది ఒకే ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది. ఆ తేదీ దస్తావేజుల్లో ఎక్కడా లేదు.

2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టం మార్చి కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చిందన్నది అందరికీ తెలుసు. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, ఆ హక్కు పుట్టుకతో వచ్చేదే, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని చెప్పింది. దీన్ని పట్టుకుని "ఆడబిడ్డ సంతకం లేని భాగపరిష్కారం ఏదైనా చెల్లదు" అనేవాళ్లు ఉన్నారు. అది సరికాదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టర్ అయిన భాగపరిష్కారాన్ని ఆ సవరణ కదిలించదు. మన పత్రం 1997 నాటిది, రిజిస్టర్డ్. ఇక్కడితో ఆపితే అక్కకు హక్కు లేదని రాసి పంపేయొచ్చు.

మన రాష్ట్రంలో కథ ఇంకా ముందే మొదలైంది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో 1986లో చేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. ఆ రోజుకు పెళ్లికాని కూతురు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటాదారు. ఆ రోజుకు ముందే పెళ్లయిన కూతురికి ఆ హక్కు రాదు. అంటే అక్క పెళ్లి 1985 సెప్టెంబరు 5కు ముందు జరిగి ఉంటే, 1997లో ఆమెను వదిలేయడం తప్పు కాదు, 2005 చట్టం కూడా ఆ పత్రాన్ని కదిలించదు. తర్వాత జరిగి ఉంటే, 1997 నాటికే ఆమె వాటాదారు, ఆమె లేకుండా పంచుకున్నది ఆమెను కట్టిపడేయదు.

నేను టీచరుకు తిరిగి ఒకే ప్రశ్న పంపాను: అక్క పెళ్లి ఏ సంవత్సరం?

అమ్మే ఆయన మొదట "ఎప్పుడో, ఎనభైల్లో" అన్నాడు. ఈ విషయంలో ఎనభైల్లో అంటే కుదరదు. నోటిమాట కూడా చాలదు, ఎందుకంటే ఏ సంవత్సరం చెబితే లాభమో తెలిశాక ఎవరైనా ఆ సంవత్సరమే చెబుతారు. శుభలేఖ ఉంటే సరే. లేకపోతే ఆమె పెద్ద బిడ్డ పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఉంటుంది. అది తేదీని తేల్చదు గానీ, చెప్పిన సంవత్సరానికి పొసుగుతుందో లేదో చూపిస్తుంది. తండ్రి చనిపోయాక తహశీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కూడా అడిగాను. అందులో ఇద్దరు కొడుకులతో పాటు ఆమె పేరు ఉంది. శుభలేఖ ఆమె దగ్గరే దొరికింది. 1987 మే నెల.

దాంతో లెక్క తేలింది. 1997లో నలుగురు వాటాదారులు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. ఆమెది పావు వంతు. 5 సెంట్ల ప్లాటులో పావు అంటే ఒక సెంటూ పాతిక, కాగితం మీద. విడగొట్టని వాటా కాబట్టి అది ప్లాటులో ఏ మూల అని చెప్పలేం. టీచరు ఇల్లు కట్టుకున్నాక ఆమె భాగం దావా వేస్తే ఆయన కూడా ప్రతివాది అవుతాడు. అప్పుడు ఆయన పూర్తిగా మునిగిపోతాడని కాదు. అమ్మేసిన ప్లాట్లను తమ్ముడి వాటా కిందే వేయమని కొన్నవాళ్లు కోర్టును అడగొచ్చు, కోర్టులు చాలాసార్లు వింటాయి కూడా. తమ్ముడి పేర అంత ఆస్తి మిగిలి ఉంటేనే అది సాధ్యం. ఈయన లేఔట్‌లో ఎక్కువ భాగం ఇప్పటికే అమ్మేశాడు.

అమ్మే ఆయన వాదన రెండు రకాలు. "ఇరవై ఏడేండ్లయింది, మా అక్క ఒక్కమాట అనలేదు" అన్నది మొదటిది. ఉమ్మడి ఆస్తిలో వాటాదారు ఊరుకున్నంత మాత్రాన హక్కు పోదు. నీకు వాటా లేదు పో అని బయటికి తోసినట్టు ఆమెకు తెలిసిన నాటి నుంచే పన్నెండేళ్ల గడువు లెక్కేస్తారు. ఆ తోసివేత ఎప్పుడు జరిగింది, ఆమెకు ఎప్పుడు తెలిసింది అన్నది సాక్ష్యాలతో తేలాల్సిన విషయం. దావాలో నిలబడి వాదించుకోవడానికి అది పనికొస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని 20 లక్షలు పెట్టమని నేను రాయలేను. "ఇదే లేఔట్‌లో వేరేవాళ్లకు బ్యాంకు లోన్ ఇచ్చింది గదా" అన్నది రెండోది. బ్యాంకు వకీలు ముప్పై ఏళ్ల కాగితాలు చూసి తన అప్పు వరకు అభిప్రాయం ఇస్తాడు. ఆయన ముందు ఏ కాగితాలు పెట్టారో నాకు తెలియదు. టీ అంగడి మాట మాత్రం ఆయన దాకా వెళ్లి ఉండదు.

"సరే సార్, అక్కతో సాక్షి సంతకం పెట్టిస్తా" అన్నాడు. చాలామంది ఇక్కడే రాజీపడిపోతారు, కొందరు దస్తావేజు రాసేవాళ్లు కూడా అదే చాలంటారు. సాక్షి సంతకం అంటే ఫలానావాళ్లు నా ఎదుట సంతకం చేశారని చెప్పడమే. ఆ ఒక్క సంతకంతో ఆమె లోపల రాసింది తెలుసుకుని ఒప్పుకుందని అనలేం, తన వాటా ఇచ్చేసిందని అసలే అనలేం. ఆమె క్రయపత్రంలో అమ్మకందారుగా పేరు రాయించుకుని, తమ్ముడితో కలిసి అమ్మాలి. లేదా ముందుగా హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయాలి. మొదటిదైతే ఆమె వాటా నేరుగా కొన్నవాళ్లకే వస్తుంది, ఇంకో పత్రం ఖర్చూ ఉండదు. నేను మొదటిదే సూచించాను.

నా ఒపీనియన్ షరతులతో వెళ్లింది. 2003 తాకట్టు విడుదల రిజిస్టర్ కావాలి. అక్క అమ్మకందారుగా కలవాలి. 1954 పత్రం సర్టిఫైడ్ కాపీ, 1983కు ముందు కాలానికి మాన్యువల్ ఈసీ తీసుకోవాలి. అగ్రిమెంట్ రాస్తే అందులో 50 వేల టోకెన్ చేర్చాలి, ఈ షరతులు నెరవేరకపోతే సొమ్ము వెనక్కివ్వాలన్న క్లాజు ఉండాలి, అడ్వాన్సు 2 లక్షలు దాటకూడదు. 21వ తేదీని వాయిదా వేయమనే చెప్పాను.

ధర్మవరం అక్క రావడానికి ఒప్పుకుంది గానీ ఊరికే కాదు. తమ్ముడితో మాట్లాడుకుని ధరలో కొంత సొమ్ము తన ఖాతాలోకి వేయించుకుంది. ఎంతన్నది వాళ్ల ఇంటి విషయం. క్రయపత్రంలో మాత్రం ఎవరికి ఎంత ఇచ్చిందీ విడివిడిగా, బ్యాంకు లావాదేవీ నంబర్లతో రాయించాను. రేపు ఎప్పుడైనా నాకు ముట్టలేదనే మాట రాకుండా అది కాపాడుతుంది.

కాగితాలన్నీ వచ్చాక టీచరు రెండో ఉత్తరం రాశాడు. ఈసారి అర పేజీ. కొత్తగా వచ్చినవి ఏమిటి, మీ ఏ షరతుకు ఏ కాగితం అని జోడించి, "అక్క ఈ ఒక్క ప్లాటుకే సంతకం పెడతానంటోంది, మిగతా లేఔట్‌కు కాదట, అది నాకు ఇబ్బందా?" అని అడిగాడు. ఆయన కొనే 5 సెంట్లకు ఇబ్బంది లేదని రాసిచ్చాను. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున సర్వే నంబరు మీదా ప్లాటు నంబరు మీదా ఈసీ మరోసారి చూసి, విడుదల ఎంట్రీ ఎక్కిందని నిర్ధారించుకున్నాక డబ్బు కదిలింది.

ఆ లేఔట్‌లో ముందే కొన్నవాళ్ల క్రయపత్రాల్లో తమ్ముడి సంతకం ఒక్కటే ఉంది. వాళ్లలో ఒకాయన టీచరు ద్వారా విని నా దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో బ్యాంకు వకీలు ఇచ్చిన ఒపీనియన్ ఉంది. 1994 నుంచి 2015 దాకా ఈసీ చూశామని, టైటిల్ స్పష్టంగా ఉందని రాసి ఉంది. అక్క ప్రస్తావన అందులో లేదు. ఆయన కూడా తన కాగితాల మీద ఒక కవరింగ్ లెటర్ రాసుకుని రావాలని చెప్పి పంపాను.